ఒకే షాఫ్టు, రెండు పద్ధతులు

రా తమ్ముడూ, కూర్చో. నీ గేర్‌బాక్స్ డ్రాయింగ్ చూశాను. 35 మిల్లీమీటర్ల షాఫ్టు, దాని మీద కీతో ఒక గేరు, ఆ పక్కన 6207 బేరింగు. హోల్ బేసిస్ పెట్టాలా, షాఫ్ట్ బేసిస్ పెట్టాలా అన్నది కదా నీ సందేహం?

బోరు కొలతను చివరికి తేల్చేది రీమరు. 35 H7 రీమరు కొంటే అది ఆ ఒక్క సైజుకే పనికొస్తుంది, చెక్ చేసే ప్లగ్ గేజి కూడా అంతే. షాఫ్టుకి ఆ ఇబ్బంది లేదు. గ్రైండింగ్ వీలుని ఇంకాస్త లోపలికి ఇస్తే చాలు, ఏ కొలతకైనా దిగుతుంది. అందుకే మామూలుగా బోరుని H దగ్గర నిలిపి, షాఫ్టుని మారుస్తాం. అదే హోల్ బేసిస్. 35 H7 బోరు 35 కంటే తగ్గదు, మహా అయితే 25 మైక్రాన్లు పెరుగుతుంది.

గేరు కింద షాఫ్టుకి k6 రాశావు, బాగుంది. అంటే 35 మీద 2 నుంచి 18 మైక్రాన్లు లావు. చిన్న బోరుకి లావు షాఫ్టు పడితే 18 మైక్రాన్ల బిగువు, పెద్ద బోరుకి సన్నది పడితే 23 మైక్రాన్ల వదులు. టార్క్ కీ మోస్తుంది గనక గేరుకి ఇది సరిపోతుంది.

బేరింగు దగ్గర మాత్రం జాగ్రత్త! దాని బోరు H కాదు. మామూలు రకం 6207 బోరు 35 నుంచి కిందికి 12 మైక్రాన్ల దాకా తగ్గుతుంది. కాబట్టి అదే k6 మీద 2 నుంచి 30 మైక్రాన్ల దాకా ఎప్పుడూ బిగువే. తిరిగే లోపలి రింగుకి కావలసింది అదే. అక్కడ h6 పెట్టి ఉంటే 16 మైక్రాన్ల వదులు కూడా రావచ్చు. అప్పుడు రింగు షాఫ్టు మీద మెల్లగా జారుతుంది. విప్పి చూస్తే ఆ చోట మెరుపు, గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి.

ఇక బయటి రింగు 72 మిల్లీమీటర్లు. అది కంపెనీ నుంచి తయారై వస్తుంది, మనం గ్రైండ్ చేయం. మార్చగలిగేది హౌసింగ్ బోరునే. చూశావా, అక్కడ నువ్వు చేస్తున్నది షాఫ్ట్ బేసిస్! హౌసింగ్ కదలకుండా, షాఫ్టు తిరుగుతుంటే H7 పెట్టు, రింగు చేత్తోనే దిగుతుంది.

మిగిలింది గేరుకీ బేరింగుకీ మధ్య స్పేసరు. షాఫ్టంతా k6 కే గ్రైండ్ చేయిస్తావు కాబట్టి, స్పేసరు బోరు H7 అయితే ఒక్కోసారి పట్టేస్తుంది. F8 రాయి, కనీసం 7 మైక్రాన్ల వదులు ఉంటుంది. స్పేసరుకి సెంటరింగ్‌తో పనిలేదు. దాని రెండు ముఖాలూ సమాంతరంగా ఉండాలని మాత్రం డ్రాయింగ్‌లో తప్పక రాయి.