కునుకు పట్టని వాడు

మేము దూదేకులవాళ్లం. బత్తలపల్లిలో మా ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఉర్దూ అంతంతమాత్రం. అరబ్బీ అయితే నమాజులో చదివే ముక్కలు తప్ప ఏమీ రాదు. ఆ ముక్కల్లో నాకు చిన్నప్పటి నుంచీ నోటికొచ్చినది ఆయతుల్ కుర్సీ. మా జేజి రాత్రి దీపం తగ్గించే ముందు చదివి, అరచేతుల్లో ఊదుకుని మా తలల మీద నిమిరేది. అమ్మ దాన్ని నాకోసం లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో తెలుగు అక్షరాల్లో రాసిపెట్టింది. ఆ పేజీని ఇప్పటికీ దాచుకున్నాను. నలభై ఏళ్లు చదివాను గానీ, అర్థమేమిటని ఒక్కరోజు కూడా అడగలేదు.

పోయిన ఏడాది నాయనకు జబ్బు చేసి మా ఊరి పెద్దాసుపత్రిలో చేర్చాం. పగలు అమ్మ, రాత్రి నేను. మూడో రాత్రి స్టూలు మీద కూర్చుని, సెలైన్ సీసా వైపు చూస్తూ ఆయతుల్ కుర్సీ మొదలుపెట్టాను. ఎక్కడిదాకా చదివానో తెలీదు. కళ్లు తెరిచేసరికి కొత్త సీసా వేలాడుతోంది. నర్సమ్మ వచ్చి మార్చిపోయిందట, నన్ను లేపలేదు. సిగ్గేసింది. కాపలా కాయడానికి వచ్చినవాణ్ణి నిద్రపోయాను.

నాయనను చూడడానికి వచ్చిన మా మసీదు హజరత్‌తో ఈ మాట చెప్పాను. ఆయన నవ్వి, "ఏం చదువుతా నిద్రపోతివి నాయనా?" అన్నాడు. చెప్పాను. "దాంట్లో నిద్ర మాటే ఉంది కదా, తెలీదా?" అన్నాడు. అట్లా ఆసుపత్రి వరండాలో నాకు పాఠం మొదలైంది.

ఈ ఆయత్ ఖురాన్‌లో రెండో సూరా అయిన అల్ బఖరాలో 255వది. ఆ సూరాలో మొత్తం 286 ఆయత్‌లు. మూడో పారా మొదలైన కాసేపటికే ఇది వస్తుంది. దీని ముందు ఆయత్‌లో ఒక రోజు రాబోతోందని, ఆ రోజు బేరమూ స్నేహమూ సిఫార్సూ పనికిరావని ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే రెకమండేషన్ నడవదు. వెంటనే ఈ ఆయత్‌లో, ఆయన అనుమతి లేకుండా ఆయన దగ్గర సిఫార్సు చేయగలవాడెవడు అని ప్రశ్న వస్తుంది. ఆ తర్వాతి ఆయత్ మతంలో బలవంతం లేదనే మాటతో మొదలవుతుంది. ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయని కూడా నాకు అంతవరకూ తెలీదు. నాకు తెలిసింది మధ్య ముక్క ఒక్కటే, అదీ గోడ మీద ఫ్రేము కట్టిన రూపంలో.

మొదట అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడని, ఆయన ఎప్పటికీ బతికి ఉండేవాడని (హయ్యు), అన్నిటినీ నిలబెట్టేవాడని (ఖయ్యూం) చెప్తుంది. ఆ వెంటనే 'సినా', 'నౌమ్' అనే రెండు మాటలు వస్తాయి. సినా అంటే కునుకు, నౌమ్ అంటే నిద్ర. ఈ రెండూ ఆయన్ని పట్టవు. అక్కడ వాడిన అరబ్బీ క్రియకు పట్టుకోవడం, లాక్కోవడం అని అర్థమట. మనమూ నిద్ర 'పట్టింది' అనే కదా అంటాం! ఇంత దగ్గరగా కుదిరిందే అని సంబరపడి, "అయితే తెలుగులో ఆయనకు నిద్ర పట్టదు అనొచ్చు" అన్నాను. హజరత్ చెయ్యి అడ్డంపెట్టాడు. "అట్లంటే నిద్రమాత్ర కావాల్సినోని మాదిరి ఐతాది. నిద్ర ఆయన్ని పట్టలేదు, అనల్ల." నిజమే. మాట ఒకటే అయినా అర్థం తిరగబడింది.

కునుకు ముందు, నిద్ర తర్వాత ఎందుకు? పెద్ద విషయం ముందు చెప్పాలి కదా అని అడిగాను. మనిషిని మొదట పట్టేది కునుకే, దాని వెనకే నిద్ర వస్తుంది, ఆ మొదటిదే ఆయన దగ్గరికి రాలేదు అన్నాడు. ఆ రాత్రి నా స్టూలు మీద జరిగిన వరసా అదే.

దీనికి పాత వ్యాఖ్యానాల్లో ఒక కథ ఉంది. దేవుడు నిద్రపోతాడా అనే ప్రశ్న మూసా ప్రవక్త ముందుకు వచ్చిందట. ఆయన్ని మూడు రాత్రులు నిద్రపోనివ్వకుండా ఉంచి, చెరో చేతిలో ఒక సీసా ఇచ్చి, జాగ్రత్తగా పట్టుకోమన్నారు. ఆయన తూగుతూ, ఉలిక్కిపడి లేస్తూ, చివరికి ఒక్క కునుకు తీశాడు. సీసాలు రెండూ ఒకదానికొకటి తగిలి పగిలిపోయాయి. కునుకు పడితే ఆకాశాలూ భూమీ అట్లాగే పగులుతాయని దాని భావం. పద్నాలుగో శతాబ్దంలో డమాస్కస్‌లో ఉన్న ఇబ్న్ కసీర్ ఈ కథ ఇచ్చి, ఇది యూదుల నుంచి వచ్చిన కథల్లోదని, ప్రవక్త మాటగా తీసుకోకూడదని అంటాడు. హజరత్ కూడా ఆ సంగతి రెండుసార్లు చెప్పాడు. నాకు మాత్రం మూడో రాత్రి, సీసా అనగానే ఒళ్లు జలదరించింది.

ఇక కుర్సీ. మన 'కుర్చీ' ఈ అరబ్బీ మాటే, పారసీ ఉర్దూల మీదుగా మన ఇంట్లోకి వచ్చింది. అందుకే చిన్నప్పుడు నేను ఆకాశంలో పెద్ద చేతుల కుర్చీ ఊహించుకునేవాణ్ణి. ఆయత్‌లో ఉన్నది ఆ కుర్సీ ఆకాశాలనూ భూమినీ ఆవరించి ఉందని. అదేమిటన్న దగ్గర పెద్దలు ఒక మాట మీద లేరు. ప్రవక్త పినతండ్రి కొడుకు ఇబ్న్ అబ్బాస్ పేరు మీదే రెండు అర్థాలు వచ్చాయి: ఒకటి ఆయన జ్ఞానం అని, ఇంకొకటి పాదపీఠం అని. హసన్ బస్రీ మాత్రం కుర్సీ అన్నా, అర్ష్ అనే సింహాసనమన్నా ఒకటే అన్నాడట. పదో శతాబ్దం మొదట్లో చనిపోయిన తబరీ జ్ఞానం అన్న అర్థం వైపు మొగ్గాడు. ఆయత్‌లో అంతకు ముందు వాక్యం జ్ఞానం గురించే కాబట్టి నాకూ అదే కుదిరినట్టు అనిపిస్తుంది. కానీ పీఠం ఉందని నమ్మాలి, ఎట్లా ఉందని అడగకూడదు అనేవాళ్లే మా చుట్టుపక్కల ఎక్కువ. హజరత్ కూడా ఆ వైపే.

కుర్సీ తర్వాత వచ్చే మాట నాకు ఇంకా ఇష్టం. ఆ రెంటినీ కాపాడడం ఆయనకు భారం కాదు అంటుంది. మొదట్లో కునుకు పట్టదన్నది, చివర్లో కాపలా భారం కాదన్నది. మధ్యలో సిఫార్సూ జ్ఞానమూ వచ్చినా ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టే ఉంటాయి. పడుకునేముందు చదవమనడానికి చెప్పే హదీసూ కాపలా కథే. రంజాన్ జకాత్ ధాన్యానికి అబూ హురైరా కాపలా ఉంటే, ఒకడు వచ్చి దోసిళ్లతో తీసుకుంటూ దొరికిపోయాడు. పిల్లలున్నారు, కష్టంలో ఉన్నానని ఏడిస్తే రెండు రాత్రులు వదిలేశాడు. మూడో రాత్రి వాడు, నన్ను వదిలితే పడుకునేటప్పుడు చదివే మాట నేర్పుతానని ఈ ఆయత్ చెప్పాడు. తెల్లారి ప్రవక్తకు చెబితే, వాడు అబద్ధాలకోరే గానీ ఈసారి నిజం చెప్పాడు, వాడు సైతాను అన్నారట. దొంగ చెప్పినా నిజం నిజమే అని ఒప్పుకోవడం నాకు నచ్చింది.

చివరికి అమ్మ రాసిన పేజీ తీసి హజరత్‌కు చూపించాను. 'ఖయ్యూం'లోనూ, 'వెనక' అనే అర్థమున్న 'ఖల్ఫ'లోనూ అమ్మ ఒకే 'ఖ' రాసింది. అరబ్బీలో ఆ రెండూ వేరు అక్షరాలు. మొదటిది గొంతు లోపలి నుంచి 'క'లా గట్టిగా తెగాలి, రెండోది గీరుకుంటూ రావాలి. 'అజీం'లో 'జ' కూడా మన 'జ' కాదు. తెలుగులో రాసుకుని నేర్చుకున్నవాళ్లందరిదీ ఇదే తప్పని, అక్షరం మారితే అర్థం కూడా మారొచ్చని చెప్పాడు. పలికి వినిపించాడు. నలభై ఏళ్ల అలవాటు, నాలుక తిరగలేదు. "మీ అమ్మ రాసింది కొట్టెయ్యొద్దు. కింద చుక్క పెట్టుకో, గుర్తుంటాది" అన్నాడు. ఎర్ర పెన్నుతో మూడు చుక్కలు పెట్టుకున్నాను.

అన్నట్టు, ఖురాన్ మొత్తాన్ని దాదాపు నూరేళ్ల కిందటే తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావుగారు మా అనంతపురం కాలేజీలోనే పనిచేశారు. ఆయన ముస్లిం కాదు. మా ఇంటికి బస్సులో గంట దూరం కూడా లేని ఊళ్లో అర్థం అన్నాళ్లుగా ఉంటే, నేను నోటుబుక్కు చివరి పేజీ దాటలేదు.

నాయన ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. రాత్రి మందులేసుకున్నాక, "ఆ నీ కొత్త చదువు చదువు" అంటాడు. చుక్కలు చూసుకుంటూ నెమ్మదిగా మొదలుపెడతాను. 'సినా' దగ్గరికి వచ్చేసరికి ఆయన గురక వినిపిస్తుంది. మిగతాది మెల్లిగా నేనే పూర్తిచేస్తాను.