అయిదు వందల మాటల్లో అవ్వ మాట

ఆ మధ్య ఒక పోటీకి ‘వరద’ అన్న అంశం మీద 500 మాటలకు మించకుండా కథ రాయవలసి వచ్చింది. భద్రాచలం వైపు వారికి వరద అనగానే ముందు తట్టేది అంకె. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగుల నీటిని చూసినవారు ఆ తరువాతి వరదలను దానితోనే కొలుస్తారు. అందుకే వరద వర్ణనను పక్కన పెట్టి, ఆ కొలతతో బతికే ఒక అవ్వను కథలోకి తెచ్చుకున్నాను.

పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందింది. అందులో తుపాను రావుగారి నియమాలకు పరీక్ష. పోటీవారిచ్చిన అంశాన్ని కూడా అలా ఒక మనిషికి పరీక్షగా మార్చుకుంటే అది మనదవుతుంది.

ఇక నిడివి. చిత్తుప్రతి 640 మాటలు తేలింది. అందులో రెండు వాక్యాలివి:

“గోదావరి నలభై ఎనిమిది అడుగులు దాటిందని మైకులో చెప్పగానే ఊరి జనమంతా భయంతో వణికిపోయి తట్టాబుట్టా సర్దుకున్నారు.”

“‘ఎనభై ఆరులో నీళ్లు ఈ మేకు కాడికొచ్చినయ్. ఆ లెక్కన ఇంకా పొద్దున్నది’ అన్నది అవ్వ, ఇప్పపువ్వు మూట అటక మీదికి ఎక్కిస్తూ.”

మొదటిది 13 మాటలు. ‘మైకులో రెండో హెచ్చరిక చెప్పారు’ అంటే 9 మిగులుతాయి. రెండోది 17. ‘1986 వరదను చూసిన అవ్వ ధైర్యంగా ఉంది’ అంటే 11 మిగులుతాయి. లెక్క చూస్తే రెండోదే లాభసాటి. కానీ వణికిపోయే జనం ఆ పోటీకి వచ్చే ఏ కథలోనైనా ఉండగలరు. ఆ మేకు, ఆ మూట, ఆ యాస ఈ అవ్వవి మాత్రమే. మొదటిదాన్నే కత్తిరించాను.

తెలుగులో ఒక దొంగదారి కూడా ఉంది. ‘అటక మీదికి’ రెండు మాటలు, కలిపి రాస్తే ఒకటే. అలా కథంతా అతికించుకుంటూ పోతే లెక్క తగ్గుతుంది కానీ చదివేవారికి ఊపిరి తీసుకునే చోటు పోతుంది. ప్రతి వాక్యంలోనూ ఒకటీ రెండూ మాటలు పీకినా అంతే, చివరికి తంతి భాష మిగులుతుంది.

చాలని చోట ఒక పాత్రనే మొత్తంగా తీసివేయడం మేలు. నా కథలో పట్నం నుంచి వచ్చిన మనవడు అలాగే వెళ్లిపోయాడు. అతడుండగా అవ్వ తన లెక్కను వివరించవలసి వచ్చేది. అతడు లేకపోయేసరికి తనకు తానే చెప్పుకున్నట్టు ఒక్క మాట అని ఊరుకుంది.