వెయిట్‌లిస్టు ఉత్తరం గురించి

గుంటూరు,
ఏప్రిల్ 4.

ప్రియమైన సుబ్బారావుకి,

నిన్న దోహా నుంచి ఫోన్‌లో "సీటు వచ్చినట్టా, రానట్టా, ఒక్క ముక్కలో చెప్పరా" అన్నావు. రానట్టే. అలాగని పోయినట్టూ కాదు. ఒక్క ముక్కలో తేలేది కాదు కనుకనే ఈ ఉత్తరం.

మీ లావణ్య పొద్దున్నే పర్చూరులో బస్సెక్కి వచ్చి అమెరికా యూనివర్సిటీ పంపిన ఆ ఈమెయిల్ చూపించింది. మొదటి పేరా అంతా మర్యాదలే. అసలు సంగతి రెండో పేరాలో ఉంది: ప్రస్తుతానికి సీటు ఇవ్వలేకపోతున్నాం, వెయిట్‌లిస్టులో ఉంచాం, ఖాళీ ఏర్పడితే తెలియజేస్తాం, ఈ జాబితాకు వరస లేదు, ఉండదలిస్తే 10వ తేదీలోగా పోర్టల్‌లో తెలపండి.

చదువుకు తగదు అనుకుంటే నేరుగా కాదనేసేవాళ్ళు. "ప్రస్తుతానికి" అన్నారంటే అర్హత ఉంది, చోటు లేదని. "ఏర్పడితే" అన్నదాన్ని మాత్రం మాట ఇచ్చినట్టు తీసుకోకు. వరస లేదన్న వాక్యం ఇంకా ముఖ్యం. రైల్వే వెయిటింగ్ లిస్టుకైతే నంబరు ఉంటుంది, ముందువాడు టికెట్ రద్దు చేసుకుంటే మనం జరుగుతాం. ఇక్కడ అలా కాదు. ఎవరైనా మానుకుంటే, ఆ క్లాసులో ఏ రకం విద్యార్థి తగ్గాడో చూసి అలాంటివాళ్ళని తీసుకుంటారు. అందుకే "మా అమ్మాయి నంబరెంత" అని అడిగితే జవాబు రాదు. డబ్బిస్తే ముందుకు జరిపిస్తానన్న ఏజెంటు మాట నమ్మకు. కానీ కిందటేడు ఈ జాబితాలోంచి ఎంతమందిని తీసుకున్నారు, ఆఖరి కబురు ఏ నెలలో పంపారు అని మర్యాదగా ఒక్కసారి అడగవచ్చు. 'కామన్ డేటా సెట్' అని పిల్లలు ఫోన్లలో పంచుకునే లెక్కలున్నాయే, అవి డిగ్రీ మొదటి ఏడాది ప్రవేశాలవి. ఎంఎస్‌కి పనికిరావు.

10వ తేదీ సంగతి లావణ్య తేలిగ్గా తీసుకుంది. "థాంక్యూ అని రిప్లై ఇచ్చా కదా మామయ్యా" అంది. అది చాలదు. పోర్టల్‌లోకి వెళ్ళి జాబితాలో ఉంటానని నొక్కాలి, లేకపోతే పేరు తీసేస్తారు. నా ముందే నొక్కించాను.

ఇక కదలిక ఎప్పుడంటే, అక్కడ ఫెలోషిప్పో అసిస్టెంట్‌షిప్పో వచ్చినవాళ్ళకి ఒప్పుకోవడానికి ఏప్రిల్ 15 దాకా గడువివ్వాలని కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ద్వారా చాలా యూనివర్సిటీలు ఒప్పుకున్నాయి. సొంత ఖర్చుతో చేరేవాళ్ళకి ఆ ఒప్పందం వర్తించదు, డిపాజిట్ గడువు ఎవరిది వాళ్ళదే. ఏమైనా ఆ గడువులు దాటాకే ఖాళీలు తేలతాయి. అప్పటికి మన ఉత్తరం ఒకటి వాళ్ళ ఫైల్లో ఉండాలి. ఒక పేజీ మించకూడదు. దరఖాస్తులో లేనిది చెప్పాలి: ఏడో సెమిస్టర్ మార్కులు, పత్తి ఆకు తెగుళ్ళ ఫోటోల మీద ఆమె చేసిన ప్రాజెక్టు. సీటిస్తే తప్పక చేరతానన్న మాట నిజమైతేనే, అదీ ఒక్క యూనివర్సిటీకే రాయాలి. రాసి ఊరుకోవాలి. వారం వారం మెయిళ్ళు పెడితే విసుక్కుంటారు.

టెక్సాస్‌లో వచ్చిన అడ్మిషన్‌ని మాత్రం వదలొద్దు. దాని డిపాజిట్ గడువులోగా కట్టెయ్యండి. రేపు ఈ వెయిట్‌లిస్టు సీటు వస్తే ఆ డబ్బు తిరిగి రాకపోవచ్చు, పోతే పోయింది. అక్కడి ఐ-20 తెప్పించుకుని, 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టి, హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా స్లాటు చూసుకోవాలి. వెయిట్‌లిస్టు కబురు జులైలో వస్తే కొత్త ఐ-20, మళ్ళీ స్లాటు, ఆగస్టులో క్లాసులు. అందదు. అందుకే జూన్ 15 దాటితే ఇక దాని ఊసెత్తొద్దని ఆమెకి చెప్పాను. ఈ జాబితా వచ్చే ఏడాదికి కొనసాగదు, మళ్ళీ దరఖాస్తు చేయాల్సిందే.

మీ తమ్ముడు కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిరప బస్తాలు ఇప్పుడే అమ్మేద్దామా అని అడిగాడు. వెయిట్‌లిస్టు కాగితాన్ని చూసి అమ్మొద్దన్నాను. ఆ కాగితం మీద బ్యాంకు విద్యారుణం ఇవ్వదు. టెక్సాస్ ఐ-20కి మాత్రం మొదటి ఏడాది ఖర్చు చేతిలో ఉన్నట్టు చూపించాలి. దానికి పొలం, బస్తాలు లెక్కలోకి రావు. ఖాతాలో డబ్బు, ఫిక్స్‌డ్ డిపాజిట్, మంజూరైన లోను లెటరు కావాలి. లోను మంజూరయ్యాక తక్కువైనంత మేరకే బస్తాలు తీయమన్నాను. మే నెలలో మిర్చి యార్డుకి వేసవి సెలవులు, కాబట్టి ఆ తేల్చుకునేదేదో ఈ నెలలోనే తేల్చుకోవాలి.

నువ్వు చేయాల్సింది ఒకటుంది. నీ జీతం ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంటు, ఖర్చు నేను భరిస్తానని సంతకం చేసిన కాగితం లావణ్యకి పంపించు. కాగితంలో నీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా ఉండాలి.

ఇట్లు
నీ వెంకటేశ్వర్లు