అన్న రాజీనామా లేఖలో కనిపించని లెక్క

మఠంపల్లి దగ్గరి మా తండా అన్న ఒకాయన ఫ్యాక్టరీలో అకౌంటెంట్. టాక్స్ కన్సల్టెన్సీ పెట్టడానికి ఉద్యోగం మానేస్తూ రాసిన లేఖ మా హాస్టల్ పిల్లలకి చూపించిండు. ‘రాజీనామా చేస్తున్నాను, ఏప్రిల్ 30 చివరి రోజు, అప్పటిలోగా ఫైళ్ళన్నీ అప్పగిస్తాను.’ అంతే. కారణం లేదు, కోపం లేదు.

‘ఏప్రిలే ఎందుకన్నా?’ అని అడిగినం. మార్చి 31తో ఏడాది ముగుస్తది, ఆ లెక్కలు సగంలో వదిలితే పేరు పోతదన్నడు. జీతగాళ్ల రిటర్నులకి మామూలుగా జూలై 31 గడువు కాబట్టి, మే నుంచే మనుషుల్ని కలవాలె.

దాచింది 2,20,000. షాపు అడ్వాన్సుకి, కంప్యూటర్‌కి 40 వేలు తీసేసిండు. ఇంటి ఖర్చు నెలకి 15 వేలు, అంటే మిగిలింది 12 నెలలకి సరిపోతది.

‘జూలై పైసలు చూసి మోసపోవద్దు, ఆగస్టు ఖాళీ. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేయించే దుకాణాలు దొరకాలె. మూడు నెలల ఖర్చే మిగిలేసరికి అవి దొరక్కపోతే మళ్ళా ఉద్యోగం వెతుక్కుంట’ అన్నడు.

మా ఇండ్లల్లో నెల జీతం చూసింది మా తరమే. అది వదలడమంటే మాకు భయం. అన్నకీ భయమే, కానీ దానికో తారీఖు పెట్టుకున్నడు.