ఎనిమిది రకాల గోలీలు, ఒక చీటీ

నేను జగిత్యాలల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా అమ్మ ధర్మపురిల ఒక పెద్దాయనను చూసుకునే పనికి కుదిరింది. ఆయన బిడ్డ హైదరాబాద్‌ల నౌకరి చేస్తది. వాళ్ల బాపుకు షుగర్, బీపీ, థైరాయిడ్, గుండె జబ్బు ఉన్నయి. రోజుకు ఎనిమిది రకాల మందులు. ఆ అక్క మా అమ్మకు రాసిచ్చిన చీటీ గురించి ఈ పోస్టు. మన తండాల నుంచి, గూడేల నుంచి ఇసొంటి పనికి పోయేటోళ్లు చాలామంది ఉన్నరు కాబట్టి రాస్తున్న.

డాక్టర్ రాసిన కాగితంల 1-0-1 అని ఉంటది. అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. అది మా అమ్మకు అక్కరకు రాలే. అక్క దాన్ని ఇట్ల మార్చి రాసింది:

"అక్కా, పొద్దున 6కు థైరాయిడ్ గోలి, ఒట్టి కడుపున, నీళ్లతోనే. గంట దాకా చాయ్ వద్దు. 7:30కు గ్యాస్ గోలి. 8కి టిఫిన్ ప్లేటు ముందట పెట్టినంకనే గ్లిమెపిరైడ్. తిన్నంక 8:30కు మెట్‌ఫార్మిన్, బీపీ గోలి. మధ్యాహ్నం 1:30కు అన్నం తిన్నంక ఆస్పిరిన్, కాల్షియం. రాత్రి 8:30కు తిన్నంక మళ్లీ మెట్‌ఫార్మిన్. 9:30కు కొలెస్ట్రాల్ గోలి. బాపు మింగినంకనే టిక్కు పెట్టు."

రకాలు ఎనిమిదే గాని మెట్‌ఫార్మిన్ రెండుసార్లు, అందుకని గోలీలు తొమ్మిది. రాత్రి టిక్కులు లెక్కపెడితే తొమ్మిది ఉండాలె.

అమ్మకు చదువు రాదు. అక్క ఒక్కో వరుస పక్కన ఖాళీ అయిన గోలీల పట్టీ ముక్క అతికించింది, గడియారం బొమ్మ గీసి ముల్లు ఎక్కడ ఉండాల్నో చూపించింది. నేను ఫోన్ల చదివి చెప్పిన, అమ్మ నాకు తిరిగి అప్పజెప్పింది. అప్పుడు అమ్మ అడిగింది, "అన్నీ ఒక్కపారే ఇస్తే ఏమైతది?" అని. అసలు సంగతి ఆ ప్రశ్నలనే ఉంది.

థైరాయిడ్ గోలి కాల్షియంతో కలిస్తే కడుపుల సరిగ్గ ఒంటికి పట్టదు. రెండింటికి నాలుగు గంటలన్న ఎడం ఉండాలె. అందుకే ఒకటి 6కు, ఇంకోటి 1:30కు. ఇది తప్పితే ఆ రోజే ఏం కనబడది. కొన్ని వారాలకు థైరాయిడ్ పరీక్షల తేలుతది.

గ్లిమెపిరైడ్ అట్ల కాదు, అది ఆ రోజే కొడుతది. తిన్నా తినకున్నా అది షుగర్‌ను కిందికి గుంజుతది. అందుకే చీటీల దాని కింద ఎర్ర పెన్నుతో ఉంది: "తినకపోతే ఇయ్యద్దు. నాకు ఫోన్ చెయ్యి."

ఒక శనివారం పెద్దాయన ఒక్కపొద్దు అన్నడు. టిఫిన్ లేదు, గడియారంల 8 అయింది. అమ్మ గోలి ఇయ్యలే, ఫోన్ చేసింది. అక్క డాక్టర్‌ను అడిగి చెప్పింది: ఆయనకు ఒక్కపొద్దు నాడు పొద్దున అది వద్దు, మొదటి భోజనంతోనే ఇయ్యాలె. ఆ మాట గూడ చీటీల ఎక్కింది. ఒక్కొక్కరికి ఒక్కో తీరు, మీ ఇంటోళ్ల సంగతి వాళ్ల డాక్టర్‌నే అడగాలె.

షుగర్ పడిపోతే ఎట్ల తెలుస్తది? చెమటలు పడుతయి, చేతులు వణుకుతయి, మాట తికమక అయితది, ఊకెనే చిరాకు పడుతరు. ముసలోళ్లల ఒక్కోసారి నిద్రమత్తు లెక్కనే కనబడుతది. తెలివిల ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లల కలిపి తాగించాలె. పావుగంటకు తగ్గకపోతే ఇంకోసారి ఇయ్యాలె. తేరుకున్నంక అన్నమో రొట్టెనో పెట్టాలె, ఎందుకంటే ఈ గోలి పని చాలా గంటలు ఉంటది, షుగర్ మళ్లీ పడొచ్చు. తెలివి తప్పితే నోట్ల ఏం పోయొద్దు, 108కి ఫోన్ చెయ్యాలె.

ఇంకో చిక్కు ఉంది. మెడికల్ షాపుల ఒక కంపెనీది లేకపోతే ఇంకో కంపెనీది ఇస్తరు. మందు అదే, రంగు వేరే. అమ్మ గోలీలను రంగుతోనే గుర్తు పెట్టుకుంటది. అందుకే కొత్త పట్టీ వచ్చిననాడు అమ్మ ఫోటో పంపుతది. నేను కంపెనీ పేరు చూడ, కింద చిన్న అక్షరాల మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో చూస్త. 40 ఉండాల్సిన కాడ 80 ఉంటే పేరు ఒకటే అయినా డోసు రెట్టింపు. సరిపోయినంక అక్కకు చెప్తే చీటీ మీద పట్టీ ముక్క మారుస్తది.

చివరి వరుస ఇది: "ఒక పూట మర్చిపోతే, తర్వాత పూట రెండు కలిపి ఇయ్యద్దు. టిక్కు లేకుంట ఖాళీగ వదిలి నాకు చెప్పు." ఈ వరుస ఉండబట్టే అమ్మ భయపడి దొంగ టిక్కు పెట్టది. ఖాళీ గడి ఉంటే అక్కకు నిజం తెలుస్తది, డాక్టర్ గూడ అదే చూసి మందు మార్చాల్నా వద్దా అనుకుంటడు.

మీ అమ్మనో అక్కనో ఇసొంటి పనికి కుదిరితే, చీటీల టైములు ఒక్కటే చూడకుండ్రి. ఏ గోలి ఎప్పుడు ఇయ్యద్దు, అప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలె అన్నవి రాసి ఉన్నయా చూడుండ్రి. లేకపోతే మొదటి రోజే అడిగి రాయించుకోండ్రి.