డీపీఆర్ చివరి పేజీల్లో ఏముందంటే

రండి, కూర్చోండి. సాగునీటి ప్రాజెక్టు డీపీఆర్ ఎప్పుడైనా తిరగేశారా? లావుగా ఉంటుంది కదా అని భయపడకండి. మ్యాపులూ మట్టి పరీక్షలూ పక్కన పెట్టి నేరుగా వెనక్కి వెళ్లండి. అక్కడ లాభ వ్యయ నిష్పత్తి అని ఓ చిన్న పట్టిక ఉంటుంది. నాకు మాత్రం మొత్తం పుస్తకంలో అంత రుచైన చోటు ఇంకోటి కనిపించదు!

లెక్క సులువు. నీళ్లు రాకముందు ఆ భూమిలో పండే పంట విలువ ఎంత, వచ్చాక ఎంత? పెట్టుబడులు పోగా మిగిలిన తేడాయే ఏటా వచ్చే లాభం. ఇక ఖర్చువైపు పెట్టిన సొమ్ముపై 10 శాతం వడ్డీ, నూరేళ్ల ఆయుష్షు అనుకుని 1 శాతం తరుగుదల, ఆపైన నిర్వహణ, ఎత్తిపోతలైతే కరెంటు బిల్లు. లాభాన్ని ఖర్చుతో భాగిస్తే మామూలు ప్రాంతంలో 1.5 దాటాలి. కరువు ప్రాంతమైతే 1 వచ్చినా చాలు.

ఓ ఊహా కాలువ తవ్వుదామా? మన సొమ్మేం పోదు లెండి. ఖర్చు 100 కోట్లు. వడ్డీ 10 కోట్లు, తరుగుదల 1 కోటి, నిర్వహణ 1 కోటి, వెరసి ఏటా 12 కోట్లు. పంట లాభం ఏటా 18 కోట్లు. భాగించండి. సరిగ్గా 1.5! సంతకాలు అయిపోతాయి.

ఆగండాగండి, ఆ పట్టికలో ఏదో తక్కువైంది. నీళ్లు ఏ ఏడు వస్తాయో అందులో ఎక్కడా లేదు చూశారా? రేపు వచ్చినా, పాతికేళ్లకి వచ్చినా అది 1.5 అనే అంటుంది.

అందుకే రెండో లెక్క వేయాలి. ప్రతి ఏటి రూపాయినీ ఈనాటి విలువకు దించాలి. దాన్ని దించే రేటే డిస్కౌంట్ రేటు. 10 శాతమే తీసుకుందాం. ఏటా 20 కోట్ల చొప్పున అయిదేళ్లు ఖర్చు పెట్టాం. ఆరో ఏట నుంచి యాభై ఏళ్లు నీళ్లు పారాయి. నిష్పత్తి 1.35 దగ్గర తేలుతుంది. ఫర్వాలేదు.

ఇప్పుడు మనందరికీ తెలిసిన కథ కలపండి. డ్యాము లేచింది, ప్రధాన కాలువా తవ్వేశారు, డబ్బంతా అయిదేళ్లలోనే అయిపోయింది. కానీ పిల్లకాలువలకు భూసేకరణ తెగలేదు. ఓ చోట కోర్టు కేసు, ఓ చోట రైల్వే లైను దాటాలి. నీళ్లు పదహారో ఏట వచ్చాయి. అదే కాలువ, అవే కోట్లు, అదే పంట. నిష్పత్తి? 0.55. పెట్టిన రూపాయికి యాభై అయిదు పైసలు! డీపీఆర్ పట్టిక మాత్రం ఇంకా 1.5 దగ్గరే కూర్చుని ఉంది. మన ప్రాజెక్టుల్లో అసలు నష్టం సిమెంటులోనూ ఇనుములోనూ కాదు, ఈ పదేళ్లలోనే ఉందని నా గట్టి నమ్మకం.

ఆలస్యం లేకుండానే అంకె పడిపోవడం చూడాలంటే కాళేశ్వరం ఉంది. ప్రాజెక్టు నివేదిక 1.51 అంది. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక, ఏటి ఖర్చులు తగ్గించి చూపారు, లాభాలు పెంచి చూపారు అంది. సరిచేస్తే తొలి అంచనాల మీదే 0.75, పెరిగిన వ్యయంతో 0.52 అని తేల్చింది. పార్టీల గొడవ మనకొద్దు. లాభం కాలమ్ మాత్రం మనం చూడాల్సిందే. ఏ ప్రాజెక్టు నివేదిక దొరికినా ముందు ఏ పంటలు రాశారో చూడండి. కాగితం మీద ఆరుతడి పంటలుంటాయి. నీళ్లొచ్చాక ఎగువ రైతు వరి వేస్తాడు. ఎందుకు వేయడు చెప్పండి? మీరైనా వేయరూ? దాంతో ఆయకట్టు చివరి భూములకు తడి అందదు, మన ఊహా కాలువ పద్దెనిమిది కోట్లలోనూ కొన్ని కోట్లు ఇలాగే కాగితం మీదే ఎండిపోతాయి.

సరే, అసలు ఆ 10 శాతం ఎవరు పెట్టమన్నారు? ఇక్కడే నాకు మహా సరదా. మన ఊహా కాలువనే, ఆ పదేళ్ల ఆలస్యంతోనే, 6 శాతంతో లెక్కేయండి. 1.3! ఇంగ్లండు ఖజానా వాళ్లు వాడే 3.5 శాతంతో వేస్తే 2.4! నీటిబొట్టు ఒక్కటి పెరగలేదు. మారిందల్లా రేపటి మనిషికి మనమిచ్చే విలువ.

ఇంగ్లండు వాళ్ల 3.5 ఊరికే రాలేదు. అందులో 2 శాతం, మనవలు మనకంటే కలిగినవాళ్లు అవుతారు, వాళ్ల చేతిలో అదనపు రూపాయికి అంత విలువుండదు అనే లెక్కకి. మిగతా 1.5 ఓర్పులేనితనానికీ, ఏ విపత్తో వచ్చి అంతా తుడిచిపెట్టుకుపోయే భయానికీ. మనది వేగంగా ఎదిగే దేశం కాబట్టి మన రేటు వాళ్లకంటే ఎక్కువే ఉండాలి, ఒప్పుకుంటాను. ఆసియా అభివృద్ధి బ్యాంకు మామూలు ప్రాజెక్టులకు 9 అంటుంది. నన్నడిగితే 6 దగ్గర ఆగుతాను. అయితే ఒక షరతు. రేటు ముందే ఖాయం చేయాలి, అన్ని ప్రాజెక్టులకూ ఒకటే ఉండాలి. నచ్చిన డ్యాముకి 4, నచ్చని రోడ్డుకి 12 అంటే ఇక లెక్కెందుకండీ?

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది కదా. ఆనాటి గుమాస్తా 10 శాతంతో కూర్చుంటే 1952 నాటి వంద రూపాయల పంట అతని కంటికి ఒక్క పైసా కూడా ఆనదు. అక్షరాలా పైసాలో ముప్పాతిక వంతు! గోదావరి డెల్టాలో వరి తిన్న మన తాతలంతా ఆ ముప్పాతిక పైసాలో ఉన్నారు. 3.5 శాతంతో చూస్తే మూడు రూపాయల పైచిలుకు. ఎక్కువేం కాదు గానీ, కనీసం కనిపిస్తుంది.

ఇక డబ్బులో చెప్పలేని లాభాలు. నల్లగొండ జిల్లా ఫ్లోరైడు ఊళ్లకు ఉపరితల నీళ్లు తెస్తే ఆ లాభం ఎంత అని రాయాలి? నివేదికల్లో చాలాసార్లు నీటికి ఓ ధర కట్టి, ఘనపు మీటర్లతో హెచ్చవేసి ఊరుకుంటారు. అలా చేస్తే వంగిన ఎముకలు ఎక్కడా కనపడవు. వైద్యం ఖర్చు ఆదా అని రాయొచ్చు, అయితే ముదిరిన ఫ్లోరోసిస్‌కి వైద్యమే లేదు, ఇక ఆదా ఏముంది? అందుకే ఎంతమంది పిల్లలు ఫ్లోరైడు నీళ్లు మానతారో ఆ సంఖ్యని అలాగే, రూపాయిల పట్టిక పక్కనే రాయమంటాను. మరోవైపు అతి కూడా పనికిరాదు. ఊళ్లో ఫ్లోరైడు తీసే ప్లాంటు తక్కువ ఖర్చుతో అవే నీళ్లిస్తుంటే, డ్యాము ఖాతాలో ఆ ప్లాంటు ఖర్చుకు మించి లాభం వేసుకోకూడదు. డ్యాము లేకపోతే ఏం చేసేవాళ్లం అన్నదే కొలత.

బిందెలు మోసే గంటల సంగతి మరీ ముఖ్యం. కుళాయి వచ్చి ఓ ఇల్లాలికి రోజుకు గంట మిగిలింది. ఆ గంట ఖరీదెంత? స్థానిక ఆడకూలి రేటు వేస్తే, మగకూలి కన్నా తక్కువున్న ఆ రేటే లెక్కలోకి దిగిపోతుంది. అదే ఊళ్లో మగవాళ్లకి బస్సు ప్రయాణం తగ్గించే రోడ్డేస్తే ఆ గంట ఎక్కువ పలుకుతుంది. కాబట్టి రెండు ప్రాజెక్టులూ పోటీ పడితే కుళాయి ఓడిపోతుంది, తూకంలోనే తేడా ఉంది మరి. ఆడా మగా తేడాలేని ఉపాధి హామీ కూలిని రెండింటికీ వేసి చూడండి, ఏది గెలుస్తుందో. మీ ఊరి రోడ్డు అంచనా గానీ దొరికితే తీసుకురండి, కలిసి వేద్దాం.