మబ్బులో లెక్కలెందుకు బాబూ?

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఓ కిరాణా కొట్టు. గల్లాపెట్టె పక్కన స్టూలు మీద హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడు కూర్చున్నాడు. ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రకటనల మాటలు రాయడం అతడి ఉద్యోగం. చిల్లర వ్యాపారుల కోసం కంపెనీ తయారు చేసిన లెక్కల యాప్‌కు ఒక్క వాక్యం కావాలి. ఆ రంగంలో దాన్ని వాల్యూ ప్రొపొజిషన్ అంటారు. ఈ సరుకు ఎవరికి, ఏ బాధ తప్పిస్తుంది, ఇప్పుడు వాడుతున్నదాని కంటే ఎందులో నయం అన్నవి అందులోనే తేలిపోవాలి. అతడు రాసుకొచ్చిన వాక్యం: ‘‘మీ అకౌంటింగ్ మొత్తం క్లౌడ్‌లో... ఎప్పుడైనా, ఎక్కడైనా!’’

ఆ కాగితాన్ని కొట్టు యజమానికి ఐదు సెకన్లు చూపించి తిప్పేశాడు. ఇదేం చేస్తుందనుకుంటున్నారని అడిగాడు. పరీక్ష అంతే. యాభై దాటిన ఆ పెద్దమనిషి కాసేపు ఆలోచించి, ‘‘టాక్సు వాళ్లదా?’’ అన్నారు. క్లౌడ్ అంటే మబ్బని విన్నాక అనుమానం ఇంకా పెరిగింది. ‘‘నా లెక్క మబ్బులో ఎందుకు బాబూ? పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా నేనుండేది ఇక్కడే కదా.’’

‘సులువైన అకౌంటింగ్’ అన్న రెండో వాక్యానికీ అదే గతి పట్టింది. కష్టంగా ఉందని నేనెప్పుడన్నానన్నారాయన. నిజమే. సులువు అనేది దేంతోనో పోల్చి చెప్పే మాట. ట్యాలీ చాలాకాలం ‘పవర్ ఆఫ్ సింప్లిసిటీ’ అని చెప్పుకుంది. ప్రతి ఖాతాకూ ఓ కోడ్ గుర్తుపెట్టుకోవాల్సిన ప్యాకేజీలతో విసిగినవాళ్లకు అందులో అర్థముంది. కానీ ఈ కొట్టులో పోటీ మరో సాఫ్ట్‌వేర్ కాదు, మేకుకు వేలాడే పొడుగాటి పుస్తకం. ‘మేస్త్రి’, ‘మూడో వీధి అక్క’ అని పేర్లు, ఎదురుగా అంకెలు. ఒక పద్దు రాయడానికి ఆయనకు ఐదు సెకన్లు కూడా పట్టదు. వేగంలో ఆ పుస్తకాన్ని గెలవడం కష్టమని కుర్రాడికి మధ్యాహ్నానికల్లా అర్థమైంది.

అందుకే ప్రశ్న మార్చాడు. ఈ పుస్తకం వల్ల మీకెప్పుడైనా నష్టం వచ్చిందా?

ఆయన 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లోకి వెళ్లిపోయారు. బుడమేరు నీళ్లు కొట్టులోకి వచ్చాయి. పోయిన బియ్యం, పప్పుల గురించి రెండు ముక్కల్లో ముగించారు. పుస్తకం గురించి మాత్రం చాలాసేపు చెప్పారు. సిరా కరిగిపోయి పేజీలు అంటుకుపోయాయి. దాదాపు 80 వేల రూపాయల బాకీలు అందులో ఉన్నాయి. గుర్తున్నంత వరకు తిరగరాస్తే 52 వేలు తేలింది. కొందరు వాళ్లంతట వాళ్లే వచ్చి ఇచ్చారు. కొందరు ఎప్పుడో ఇచ్చేశాం బాబాయ్ అన్నారు. వాళ్ల ఇళ్లూ మునిగాయి, ఎలా గట్టిగా అడగడం?

ఆ సాయంత్రం మూడో వాక్యం పుట్టింది: ‘‘పుస్తకం తడిసినా, ఫోన్ పోయినా మీ అరువు లెక్క పోదు.’’ క్లౌడ్ అన్న మాట లేదు, అది చేసే పని ఉంది. ఐదు సెకన్ల తర్వాత పెద్దాయన అన్నది: ‘‘బాకీలు దాచిపెడుతుందా? ఏదీ, చూపించు.’’

అసలు చిక్కు అక్కడే మొదలైంది. యాప్ తెరవగానే జీఎస్టీ నంబరు అడిగింది. అది లేని కొట్టు. తర్వాత సరుకుకు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ అడిగింది. ఎదురుగా ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆయన ఫోన్ పక్కన పెట్టి పుస్తకం అందుకున్నారు. బిల్లు కావాల్సినవాళ్లకు తర్వాత అడగాల్సిన వాటిని గుమ్మంలోనే అడిగితే ఎంత మంచి వాక్యమైనా ఏం చేస్తుంది?

రద్దీ తగ్గాక ఆ గడులన్నీ ఎలాగో దాటించి కొన్ని పద్దులు ఎక్కించారు. ఇక ‘పోదు’ అన్న మాట. కుర్రాడు ఫోన్ పోయినట్టు అనుకుని, అదే నంబరుకు వచ్చిన ఓటీపీతో మరో ఫోన్‌లో లాగిన్ అయ్యాడు. లెక్క వచ్చింది, మూడు పద్దులు తప్ప. అవి సిగ్నల్ లేనప్పుడు రాసినవి. మొదటి ఫోన్‌లోనే ఉండిపోయాయి, పైకి చేరలేదు. నిజంగా ఫోన్ పోయి ఉంటే అవీ పోయేవే. సిమ్ కూడా పోతే డూప్లికేట్ వచ్చేదాకా ఓటీపీయే రాదు.

ఆఫీసులో పోస్టర్లు అచ్చుకు వెళ్లాల్సి ఉంది. ‘పోదు’ బాగా పలుకుతోంది, ఉంచేయమన్నారు పైవాళ్లు. కుర్రాడు ఒప్పుకోలేదు. 28 వేలు పోగొట్టుకున్న మనిషికి చెబుతున్న మాట అది. పైకి చేరిన ప్రతి పద్దు పక్కన పచ్చ టిక్కు కనిపించాలని, పోస్టరు మీదా ‘టిక్కు పడిన లెక్క పోదు’ అనే ఉండాలని పట్టుబట్టాడు. మాట పదును తగ్గిందని గొణిగినా చివరికి ఒప్పుకున్నారు. జీఎస్టీ గడి కూడా వెనక్కి వెళ్లింది.

కొత్త పోస్టరు చదివి పెద్దాయన అడిగారు: ‘‘టిక్కు పడకపోతే?’’

‘‘పడేదాకా పుస్తకంలోది కొట్టేయకండి బాబాయ్.’’